వరుస మారితే మొత్తం మారే శ్రేణులు

ఒక పదం కూడుతూ, తర్వాతి పదం తీసివేస్తూ సాగే ఈ శ్రేణి చాలామందికి పరిచయమే:

1 − 1/2 + 1/3 − 1/4 + 1/5 − 1/6 + …

దీని మొత్తం ln 2, అంటే 2 యొక్క సహజ సంవర్గమానం. విలువ సుమారు 0.6931. ఇప్పుడు ఇవే పదాలను మరో వరుసలో రాద్దాం. ఒక ధన పదం రాసిన ప్రతిసారీ దాని వెనకే రెండు రుణ పదాలు రాయాలి. ధన పదాలు తమలో తాము పాత క్రమంలోనే ఉంటాయి, రుణ పదాలు కూడా అంతే. మారేది అవి ఒకదానితో ఒకటి కలిసే తీరు మాత్రమే.

1 − 1/2 − 1/4 + 1/3 − 1/6 − 1/8 + 1/5 − 1/10 − 1/12 + …

ఇందులో ఏ పదమూ తప్పిపోలేదు, ఏదీ రెండుసార్లు రాలేదు. 1/101 ఎక్కడుందని అడిగితే 51వ గుంపు మొదట్లో ఉందని చెప్పవచ్చు. −1/1000 ఎక్కడుందంటే 250వ గుంపు చివర ఉంది. ఇలా ప్రతి పదానికీ చోటు చూపించవచ్చు.

ఇక మొత్తం లెక్కిద్దాం. ప్రతి గుంపులోనూ మొదటి రెండు పదాలను కలుపుదాం. 1 − 1/2 అంటే 1/2. 1/3 − 1/6 అంటే 1/6. 1/5 − 1/10 అంటే 1/10. ఇవి కలిపాక మిగిలేది ఇది:

1/2 − 1/4 + 1/6 − 1/8 + 1/10 − 1/12 + …

ఇది మొదటి శ్రేణిలోని ప్రతి పదాన్నీ సగం చేస్తే వచ్చేదే. కాబట్టి దీని మొత్తం ln 2 లో సగం, సుమారు 0.3466. అవే సంఖ్యలు, అవే గుర్తులు, కానీ మొత్తం సగానికి పడిపోయింది.

ఈ లెక్కలో కిటుకు ఏమీ లేదు. పక్కపక్కనే ఉన్న పదాలను కలిపాం తప్ప వాటిని మళ్లీ చోటు మార్చలేదు. ఒక్కో పదమూ సున్నాకు దగ్గరవుతోంది కనుక గుంపు మధ్యలో ఆగి చూసినా మొత్తం పెద్దగా తేడా పడదు. 0.3466 నిజమైన జవాబే, 0.6931 కూడా నిజమైన జవాబే. అయితే మిగిలిన సగం ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నకు చాలా పుస్తకాలు "నియత అభిసరణ కనుక అలా జరుగుతుంది" అని ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ముందుకు పోతాయి. అది పేరు పెట్టడమే కానీ కారణం చెప్పడం కాదు. ఆ పోయిన 0.3466 ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు.

దానికి ముందు ఒక మాట స్పష్టం చేసుకోవాలి. పది సంఖ్యలను ఏ వరుసలో కూడినా జవాబు ఒకటే. వెయ్యి సంఖ్యలైనా అంతే. కానీ అనంతంగా ఉన్న పదాలను ఎవరూ కూడలేరు. "అనంత శ్రేణి మొత్తం" అన్నప్పుడు నిజానికి చేసేది వేరే పని. మొదటి పదం, మొదటి రెండు పదాల మొత్తం, మొదటి మూడింటి మొత్తం, ఇలా పాక్షిక మొత్తాలు రాసుకుంటూ పోయి, అవి ఏ సంఖ్యకు దగ్గరవుతున్నాయో చూస్తాం. ఆ అవధికే మొత్తం అని పేరు. అలాంటి అవధి ఉంటే శ్రేణి అభిసరిస్తుందని, లేకపోతే అపసరిస్తుందని అంటారు. వరుస మారిస్తే పాక్షిక మొత్తాలన్నీ మారిపోతాయి. అవి మారినప్పుడు అవధి కూడా మారడంలో వింత లేదు. నిజంగా అడగాల్సిన ప్రశ్న తలకిందులుగా ఉంది: పాక్షిక మొత్తాలన్నీ మారిపోయినా కొన్ని శ్రేణుల్లో అవధి చెక్కుచెదరకుండా ఎలా ఉంటోంది?

అలా చెదరని శ్రేణికి ఒక ఉదాహరణ:

1 − 1/2 + 1/4 − 1/8 + 1/16 − …

దీని మొత్తం 2/3. ఇందులో గుర్తులన్నీ తీసేసి అన్నిటినీ ధన పదాలుగా రాసినా మొత్తం పరిమితంగానే ఉంటుంది, అది 2. ఇలా పదాల పరమ మూల్యాలతో రాసిన శ్రేణి కూడా అభిసరిస్తే దాన్ని పరమ అభిసరణ అంటారు. దీని వల్ల ఒక గొప్ప సదుపాయం దొరుకుతుంది. మొదటి 11 పదాలను, అంటే 1 నుంచి 1/1024 వరకు ఉన్నవాటిని, పక్కన పెడదాం. ఆ తర్వాతి పదాలన్నిటి పరమ మూల్యాల మొత్తం 1/2048 + 1/4096 + …, అంటే సరిగ్గా 1/1024. ఇప్పుడు ఎవరైనా ఈ శ్రేణిని తమకు తోచినట్టు చిందరవందర చేశారనుకుందాం. మొదటి 11 పదాల్లో ఒకదాన్ని పది లక్షల స్థానంలోకి విసిరేసి ఉండవచ్చు. పర్వాలేదు, అక్కడిదాకా ఓపిక పడదాం. ఆ 11 పదాలూ వచ్చేశాక పాక్షిక మొత్తంలో ఆ 11, వాటితో పాటు మిగతావాటిలో కొన్ని ఉంటాయి. ఆ మిగతావి ఏవైనా, ఎన్నైనా, అన్నీ కలిపినా 1/1024 కి మించి ప్రభావం చూపలేవు. 11 కి బదులు 21 పదాలు తీసుకుంటే ఆ హద్దు పది లక్షల్లో ఒక వంతుకు లోపలికి వస్తుంది. కాబట్టి ఏ వరుసలో వెళ్లినా చేరేది 2/3 కే.

ఇక్కడ వాడుకున్నది ఒక్కటే విషయం. శ్రేణి తోక బరువు, గుర్తులను పట్టించుకోకుండా తూచినా, ఎంత చిన్నది కావాలంటే అంత చిన్నదవుతుంది. తోకలో ఎలాంటి కలగాపులగం జరిగినా తలను కదిలించే శక్తి దానికి లేదు.

ఇదే తూకం మన మొదటి శ్రేణికి వేసి చూద్దాం. పది లక్షల పదాలు దాటాక మిగిలిన తోకను గుర్తులతో కూడితే వచ్చేది పది లక్షల్లో ఒక వంతు కంటే తక్కువ. చూడటానికి చాలా తేలికైన తోక. గుర్తులు తీసేసి తూచితే మాత్రం కథ వేరు. 1/10,00,001 నుంచి 1/20,00,000 వరకు పది లక్షల పదాలున్నాయి. వాటిలో ఒక్కోటీ కనీసం 1/20,00,000. కనుక అవన్నీ కలిపితే కనీసం 1/2. ఆ తర్వాతి ఇరవై లక్షల పదాలు మరో 1/2 కి తగ్గవు, ఆ తర్వాతి నలభై లక్షలు మరో 1/2 కి. దీనికి అంతు లేదు. 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరెమ్ 1 + 1/2 + 1/3 + … అనే హరాత్మక శ్రేణి అపసరిస్తుందని నిరూపించింది ఈ పద్ధతిలోనే. ఎంత దూరం వెళ్లినా ఈ శ్రేణి తోక బరువు అనంతమే. అది తేలిగ్గా కనిపించడానికి కారణం ధన, రుణ పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ ఉండటం మాత్రమే.

గుర్తులతో ఉన్నప్పుడు అభిసరించి, గుర్తులు తీసేస్తే అపసరించే ఇలాంటి శ్రేణిదే నియత అభిసరణ. అంటే షరతు మీద నిలిచిన అభిసరణ. ధన, రుణ పదాలు ఫలానా పద్ధతిలో వంతులు వేసుకుంటూ రావాలన్నది ఆ షరతు. ఇలాంటి ప్రతి శ్రేణిలోనూ ధన పదాలను మాత్రమే కూడితే అనంతం వస్తుంది, రుణ పదాలను మాత్రమే కూడితే రుణ అనంతం వస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు, తప్పనిసరి. రెండు భాగాలూ పరిమితమైతే పరమ అభిసరణ అయిపోతుంది. ఒకటి పరిమితమై రెండోది అనంతమైతే శ్రేణి అసలు అభిసరించదు. కాబట్టి మిగిలే అవకాశం రెండూ అనంతం కావడమే.

ఇప్పుడు పోయిన సగం దగ్గరికి వద్దాం.

కొత్త వరుసలో n గుంపులు పూర్తయ్యాయి అనుకుందాం. అప్పటికి n ధన పదాలు, 2n రుణ పదాలు వాడాం. ధన పదాలు 1 నుంచి 1/(2n − 1) వరకు వచ్చాయి. రుణ పదాలు −1/2 నుంచి −1/(4n) వరకు వచ్చాయి. పాత వరుసలో అవే n ధన పదాలు వాడేసరికి −1/(2n) వరకు n రుణ పదాలు మాత్రమే వచ్చి ఉంటాయి. అంటే కొత్త పాక్షిక మొత్తంలో పాతదానికంటే n రుణ పదాలు ఎక్కువగా ఉన్నాయి: −1/(2n + 2) నుంచి −1/(4n) వరకు. రెండు మొత్తాలకూ తేడా అంతా ఈ అదనపు గుంపులోనే ఉంది.

n = 1000 అనుకుని ఆ గుంపును తెరిచి చూద్దాం. అందులో 1/2002, 1/2004, అలా 1/4000 వరకు వెయ్యి పదాలున్నాయి. ఒక్కోటీ 0.0005 కి, 0.00025 కి మధ్య ఉండే చిన్న సంఖ్య. కానీ అవి వెయ్యి. కనుక వాటి మొత్తం 0.25 కి తగ్గదు, 0.5 కి మించదు. కచ్చితంగా కూడితే దాదాపు 0.3464 వస్తుంది. n ను పది లక్షలు చేద్దాం. అదనపు పదాలు ఒక్కోటీ వెయ్యి రెట్లు చిన్నవవుతాయి, కానీ వాటి సంఖ్య వెయ్యి రెట్లు పెరుగుతుంది. మొత్తం మళ్లీ 0.3466 దగ్గరే. పదాలు చిన్నవయ్యే వేగం, అదనపు పదాలు పోగయ్యే వేగం సరిగ్గా సమానం. అందుకే ఆ తేడా ఎంత దూరం వెళ్లినా కరగదు. ln 2 లో సగం అంటే అదే.

"కానీ వెనకబడిన ధన పదాలన్నీ తర్వాత ఎప్పుడో వస్తాయి కదా?" అన్న సందేహం ఇక్కడ సహజంగా వస్తుంది. వస్తాయి. ఏ ఒక్క ధన పదమూ శాశ్వతంగా వెనకబడిపోదు. కానీ ఒక ధన పదం క్యూలోంచి బయటికి వచ్చేలోపు మరో రెండు ధన పదాలు క్యూలో చేరుతాయి. ప్రతి పదానికీ తన వంతు వస్తుంది, అయినా క్యూ మాత్రం అంతకంతకూ పొడవవుతూనే ఉంటుంది. ఏ క్షణంలో లెక్క చూసినా ఆ క్యూ విలువ 0.3466 దగ్గర ఉంటుంది. పోయిన సగం పోలేదు, ఎప్పటికీ వాయిదా పడుతూ ఉంది. వరుస మార్పు అనే వింత అంతా ఈ ఒక్క చోట అర్థమైతే చాలు.

ఈ చూపుతో మిగతా అమరికలూ సులువుగా తేలిపోతాయి. ఒక్కో విడతలో p ధన పదాలు, q రుణ పదాలు వాడుతూ వెళ్తే ఈ శ్రేణి మొత్తం ఇలా వస్తుంది:

ln 2 + (1/2) ln(p/q)

రెండు ధనం, ఒక రుణం అయితే 1.0397. ఒక ధనం, రెండు రుణం అయితే మనం చూసిన 0.3466. ఒక ధనం, నాలుగు రుణం అయితే సరిగ్గా సున్నా. ఈ చివరిదాన్ని కాగితం మీద చేసి చూడవచ్చు. మొదటి గుంపు 1 − 1/2 − 1/4 − 1/6 − 1/8 తర్వాత −0.0417, రెండో గుంపు తర్వాత −0.0256, మూడో గుంపు తర్వాత −0.0183. మెల్లగా సున్నా వైపు ఎక్కుతోంది.

క్యూ గురించి చెప్పిన మాట నిజమైతే, పదాలు వేరే వేగంతో చిన్నవయ్యే శ్రేణిలో ఫలితం కూడా వేరేగా ఉండాలి. అలాగే ఉంటుంది. 1 − 1/√2 + 1/√3 − 1/√4 + … తీసుకుందాం. ఇది కూడా నియత అభిసరణ ఉన్నదే. రెండు ధనం, ఒక రుణం అమరికలో n విడతల తర్వాత అదనంగా ఉండే ధన పదాలు n. ఒక్కోటీ దాదాపు 1/√n పరిమాణంలో ఉంటుంది. కనుక వాటి మొత్తం √n లా పెరిగిపోతుంది. వరుస మార్చగానే శ్రేణి అభిసరించడమే మానేస్తుంది. 1837లో అంకశ్రేఢిలోని ప్రధాన సంఖ్యల గురించి రాసిన వ్యాసంలో జర్మన్ గణితజ్ఞుడు డిరిక్లే ఇలాంటి ఉదాహరణలే చూపించి, పరమ అభిసరణ ఉన్నచోట మాత్రమే వరుసను పట్టించుకోనక్కర్లేదని గుర్తించాడు.

మరో వైపు కొస కూడా ఉంది. పదాలు 1/(n ln n) వేగంతో, అంటే 1/n కంటే కొంచెం త్వరగా, చిన్నవవుతూ గుర్తులు మార్చుకునే శ్రేణి ఉందనుకుందాం. ఇది కూడా గుర్తులు తీసేస్తే అపసరిస్తుంది, కనుక దీనిదీ నియత అభిసరణే. అయినా రెండు ధనం, ఒక రుణం అమరికకు దీని మొత్తం కదలదు! అదనపు పదాలు n, ఒక్కోటీ 1/(n ln n) స్థాయిలో, కలిపితే 1/ln n స్థాయిలో, అది సున్నాకు పోతుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. నియత అభిసరణ అంటే ఏ వరుస మార్చినా మొత్తం మారిపోతుందని కాదు. మార్చగలిగే వరుస ఏదో ఒకటి తప్పకుండా ఉంటుందని మాత్రమే. ఈ శ్రేణిని కదిలించాలంటే నిష్పత్తి 2:1 చాలదు, దూరం వెళ్లేకొద్దీ నిష్పత్తినే పెంచుకుంటూ పోవాలి.

అలా ప్రతి నియత అభిసరణ శ్రేణికీ కావలసిన మొత్తం తెప్పించే వరుస ఉంటుందని చూపించినవాడు రీమాన్. 1854లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో బోధనార్హత కోసం త్రికోణమితి శ్రేణుల మీద ఆయన సమర్పించిన రచనలో ఇది ఉంది. ఆయన 1866లో చనిపోయాక గానీ అది అచ్చుకాలేదు. ఆ పద్ధతి ఎంత సరళంగా ఉంటుందంటే చేతితో చేయవచ్చు. మన శ్రేణి నుంచే 1.5 తెప్పిద్దాం. నియమం ఇది: మొత్తం 1.5 కి తక్కువగా ఉంటే తర్వాతి ధన పదం కూడాలి, దాటితే తర్వాతి రుణ పదం వాడాలి.

1 + 1/3 అంటే 1.3333, ఇంకా తక్కువే. 1/5 కూడితే 1.5333, దాటింది. కనుక 1/2 తీసివేయాలి, 1.0333 అయింది. ఇప్పుడు 1/7, 1/9, 1/11, 1/13, 1/15 వరుసగా కూడితే 1.5218, దాటింది. 1/4 తీసివేస్తే 1.2718. మళ్లీ 1/17 నుంచి 1/25 వరకు ఐదు పదాలు కూడితే 1.5144. 1/6 తీసివేస్తే 1.3477. 1/27 నుంచి 1/35 వరకు మళ్లీ ఐదు పదాలు, 1.5103. ఇలా సాగుతుంది.

ఇది ఎందుకు ఎక్కడా ఇరుక్కుపోదో చూడాలి. 1.5 కి దిగువన ఎంత లోతులో ఉన్నా పైకి రాగలం, ఎందుకంటే మిగిలిన ధన పదాల మొత్తం ఎప్పుడూ అనంతమే. పైకి వచ్చిన ప్రతిసారీ కిందికి దిగగలం, ఎందుకంటే రుణ పదాల మొత్తమూ అనంతమే. అందువల్ల రెండు రకాల పదాలూ ఆగకుండా ఖర్చవుతూ ఉంటాయి, ఏదీ మిగిలిపోదు. 1.5 ను దాటే దూరం చివరగా వాడిన పదం కంటే ఎక్కువ కాదు, ఆ పదాలు సున్నాకు పోతున్నాయి. అందుకే ఊగిసలాట సన్నబడుతూ 1.5 దగ్గర ఆగుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా పద్ధతి కూలిపోతుంది. పరమ అభిసరణ శ్రేణిలో లేనివి మొదటి రెండూ: ధన పదాల నిల్వకు హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటి పైకి ఎక్కలేం. లక్ష్యాన్ని 1.5 దగ్గర ఉంచకుండా ప్రతిసారీ పెంచుకుంటూ పోతే మొత్తం అనంతానికి పోయే వరుస కూడా దొరుకుతుంది.

పై లెక్కలో మొదటి విడత తర్వాత ప్రతిసారీ ఐదు ధన పదాలే ఎందుకు పట్టాయి? ముందు చూసిన సూత్రంలోనే జవాబు ఉంది. ln 2 + (1/2) ln r = 1.5 కావాలంటే r = e³/4, అంటే 5.02. ఒక రుణ పదానికి సగటున ఐదు కంటే కాస్త ఎక్కువ ధన పదాలు కావాలి. ఎక్కడో ఒకచోట ఐదుకు బదులు ఆరు పట్టే విడత వస్తుంది. ఇదే సూత్రంతో π తెప్పించాలంటే ఒక్కో రుణ పదానికి దాదాపు 134 ధన పదాలు కావాలి. 10 తెప్పించాలంటే 12 కోట్లకు పైగా! "ఏ సంఖ్యనైనా తెప్పించవచ్చు" అన్న మాట వినడానికి తేలికగా ఉంటుంది కానీ, లాగ్ నెమ్మదిగా పెరుగుతుంది కనుక దానికి కట్టాల్సిన మూల్యం ఇలా ఉంటుంది.

మరి ఎలాంటి మార్పులు మొత్తాన్ని తాకవు? ప్రతి పదమూ తన పాత చోటు నుంచి ఒక నిర్ణీత దూరం, ఉదాహరణకు వంద స్థానాలు, దాటి జరగకపోతే ఏ ప్రమాదమూ లేదు. అప్పుడు పాత, కొత్త పాక్షిక మొత్తాల మధ్య తేడా కొన్ని వందల పదాలకు మించదు. ఆ పదాలు సున్నాకు పోతుంటే తేడా కూడా పోతుంది. మన ఒకటి-రెండు అమరికలో 1/(2n − 1) అనే పదం 2n − 1 స్థానం నుంచి 3n − 2 స్థానానికి వెళ్లింది. జరిగిన దూరం n − 1, దానికి హద్దు లేదు. చాలామందిని తికమక పెట్టే "2 = 1" నిరూపణలో తప్పు పట్టుకోవడానికి ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. మొదటి శ్రేణిని S అనుకుని రెండింతలు చేస్తే ఇది వస్తుంది:

2S = 2 − 1 + 2/3 − 1/2 + 2/5 − 1/3 + 2/7 − 1/4 + …

ఒకే హారం ఉన్న పదాలను దగ్గరికి చేరుద్దాం. 2 − 1 అంటే 1. 2/3 − 1/3 అంటే 1/3. 2/5 − 1/5 అంటే 1/5. సరి హారాలు −1/2, −1/4 అలాగే ఉన్నాయి. కుడి వైపు మళ్లీ S వచ్చింది, కనుక 2S = S, కనుక 2 = 1. ప్రతి అడుగూ సజావుగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ 2/k ఉన్నది k వ స్థానంలో, −1/k ఉన్నది 2k వ స్థానంలో. వాటిని ఒకచోట చేర్చడమంటే ఒక పదాన్ని k స్థానాలు ముందుకు లాగడం. k పెరిగేకొద్దీ ఆ దూరమూ పెరుగుతుంది. "దగ్గరికి చేరుద్దాం" అన్న మాట దగ్గరే వరుస మారిపోయింది, మొత్తం సగమైంది.

శ్రేణిని 1, 2, 3 అంటూ ఒకే గీతలో రాసుకున్నప్పుడు కనీసం ఒక సహజమైన వరుస కళ్ల ముందు ఉంటుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు. సోడియం క్లోరైడ్ స్ఫటికంలో ఒక సోడియం అయాన్ మీద మిగతా అయాన్లన్నీ చూపే విద్యుత్ ప్రభావాన్ని కూడాలనుకుందాం. పక్కనే 6 క్లోరిన్ అయాన్లు 1 దూరంలో, తర్వాత 12 సోడియం అయాన్లు √2 దూరంలో, 8 క్లోరిన్ అయాన్లు √3 దూరంలో, 6 సోడియం అయాన్లు 2 దూరంలో ఉంటాయి. ఆకర్షణను ధనంగా తీసుకుంటే మొత్తం ఇలా మొదలవుతుంది:

6 − 12/√2 + 8/√3 − 6/2 + …

పాత పుస్తకాల్లో ఈ వరుస కనిపిస్తూ ఉంటుంది. ఇలా దూరాన్ని బట్టి, గోళం పెంచుకుంటూ కూడితే ఇది అసలు అభిసరించదు. గోళం పెద్దదయ్యేకొద్దీ దాని ఉపరితలం మీద పడే అయాన్ల సంఖ్య పెరుగుతుంది, గోళంలో ధన, రుణ ఆవేశాలు సరితూగవు. మిగిలిపోయిన ఆవేశం ఒక్కో పొరకూ ఒక్కోలా ఎగిరిపడుతుంది. అదే అయాన్లను ఘనం పెంచుకుంటూ కూడితే అభిసరిస్తుంది. ఘనం ముఖం మీద పడిన అయాన్‌ను సగం, అంచు మీద పడినదాన్ని పావు, మూల మీద పడినదాన్ని ఎనిమిదో వంతు మాత్రమే లెక్కలోకి తీసుకుంటే మరీ త్వరగా దారికొస్తుంది. అప్పుడు ప్రతి ఘనం మొత్తం ఆవేశం సున్నా. మొదటి ఘనానికి 3 − 2.1213 + 0.5774, అంటే 1.456 వస్తుంది. రెండో ఘనానికే 1.752. అసలు విలువ 1.7476, దానికి మాడెలుంగ్ స్థిరాంకం అని పేరు.

ఇక్కడ శ్రేణి తనంతట తాను ఏ జవాబూ ఇవ్వదు. ఆవేశం సరితూగే ముక్కలుగా కూడాలన్న షరతును భౌతికశాస్త్రం బయటి నుంచి తెచ్చి పెట్టింది, 1.7476 ఆ షరతు కింద వచ్చిన సంఖ్య.